కాలని చేతికి మంట ఎక్కడిది?

ఆ సాయంత్రం అరకిలో పచ్చిమిరపకాయలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటీ నిలువునా చీల్చి, బొటనవేలి గోరుతో లోపలి గింజలనూ, వాటిని పట్టుకుని ఉండే తెల్లటి ఈనెనూ గీకి తీసేయాలి. ముప్పావు గంట పట్టింది. చేతులకు తొడుగులు లేవు. పని జరుగుతున్నంతసేపూ వేళ్లకు ఏమీ అనిపించలేదు. చివర్లో పంపు కింద చేతులు ఒకసారి తడిపి, తువ్వాలుకు తుడుచుకుని లేచాను.

గంట తర్వాత బొటనవేలి కొసన చిన్న చురుకు మొదలైంది. ఇంకో అరగంటకు రెండు చేతులూ నిప్పుల మీద పెట్టినట్టయింది. గిన్నెలు కడుగుదామని గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టగానే కేక వేశాను. సలసల కాగే నీళ్లలో ముంచినట్టే ఉంది. అక్క పరుగెత్తుకొచ్చి అవే నీళ్లలో తన చెయ్యి పెట్టి చూసింది.

"వేడిగా ఏమీ లేవే! ఏదీ, నీ చెయ్యి చూపించు."

వేళ్ల కొసల నుంచి అరచేతి మధ్య వరకు ఎర్రగా కందిపోయింది.

"కాలిపోయింది. కాలిన గాయాలకు రాసే మందు తెస్తానుండు."

"కాలలేదక్కా, మిరపకాయల మంట."

"ఇంత ఎర్రగా ఉంటే కాలలేదంటావేమిటి?"

అక్క ప్రశ్నలో తప్పు లేదు. మంట ఉంది, ఎరుపు ఉంది, వేడి తగిలితే తాళలేకపోతున్నాను. కాలిన చేతికి ఉండే మూడు లక్షణాలూ ఉన్నాయి. అయినా కాలలేదనే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు కాలడమంటే ఏమిటో తేల్చుకోవాలి. మన భాషలో 'మంట' అనే మాట పొయ్యిలోని అగ్నికీ, చర్మం మీది బాధకూ ఒక్కటే. రోజూ వాడే మాట రెండింటినీ కలిపేస్తుంది కాబట్టి ఈ పొరపాటు మనకు మరీ సులువు.

కాలడం అనేది కణజాలానికి జరిగే పని. వేడికి కణాల్లోని ప్రోటీన్లు తమ ఆకారం కోల్పోతాయి, కోడిగుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడినట్టు. కణాల పొరలు చెడిపోతాయి, కణాలు చనిపోతాయి. ఇందులో రెండు లెక్కలు కలిసి పనిచేస్తాయి: ఎంత వేడి, ఎంతసేపు. మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1947లో ఈ లెక్కను ప్రయోగాలు చేసి తేల్చారు. చర్మం 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే కాలిన గాయం కావడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. 60 డిగ్రీలకు చేరితే సుమారు అయిదు సెకన్లు చాలు. ఈ లెక్కలో నొప్పి అనే మాటే లేదని గమనించండి. స్పృహ తప్పిన మనిషి చర్మం కూడా అదే వేడికి, దాదాపు అంతే సమయంలో కాలుతుంది. కాలడానికి నాడులతో అవసరం లేదు.

నొప్పి సంగతి వేరు. అది నాడులు పంపే కబురు. వేడి వల్ల కలిగే నొప్పి సుమారు 43 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. 43కూ 44కూ మధ్య ఉన్న ఆ సన్నని తేడాను నేను ఎప్పుడూ ఆశ్చర్యంగానే చూస్తాను. చర్మానికి నష్టం జరగగల వేడికి కొంచెం ముందే, ఇంకా ఏ కణమూ చావకముందే, నాడి కేక వేస్తుంది. చెయ్యి వెనక్కి లాక్కోవడానికి మనకు దొరికే వ్యవధి అదే. అంటే వేడి నొప్పి జరిగిన నష్టానికి కొలత కాదు, జరగబోయే నష్టానికి హెచ్చరిక. మిరపకాయ చేసేదల్లా ఆ హెచ్చరికను తాకడమే.

ఆ హెచ్చరిక ఎక్కడుందో కనిపెట్టిన తీరు కూడా వేడి వైపు నుంచి కాక మిరపకాయ వైపు నుంచే మొదలైంది. మిరపకాయలోని ఘాటు పదార్థం క్యాప్సైసిన్ నొప్పి నాడులను ప్రేరేపిస్తుందని ఎప్పటినుంచో తెలుసు. అయితే నాడిలో ఏ ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంగణంలో డేవిడ్ జూలియస్ బృందం దీని కోసం ఒక ఓపికైన దారి ఎంచుకుంది. నొప్పి నాడీకణాల్లో పనిచేసే వేలాది జన్యువులను సేకరించి, వాటిని కట్టలు కట్టలుగా, క్యాప్సైసిన్‌కు మామూలుగా స్పందించని కణాల్లోకి చేర్చారు. తర్వాత ఆ కణాల మీద క్యాప్సైసిన్ వేసి, ఏ కణంలోకి కాల్షియం చొరబడుతుందో మెరుపును బట్టి చూశారు. మెరిసిన కట్టను మళ్లీ చిన్న కట్టలుగా విడదీశారు. అలా విడదీస్తూ పోతే చివరికి ఒకే ఒక్క జన్యువు మిగిలింది. ఈ ఫలితం 1997లో వెలువడింది. ఆ ప్రోటీన్‌నే ఇప్పుడు టీఆర్‌పీవీ1 అంటున్నాం. అసలు విశేషం ఆ తర్వాతి ప్రయోగంలో ఉంది. అదే ప్రోటీన్ ఉన్న కణాలను, క్యాప్సైసిన్ ఏమీ వేయకుండా, కేవలం వేడి చేశారు. 43 డిగ్రీల ప్రాంతంలో అవి కూడా అలాగే మెరిశాయి. మిరపకాయకూ వేడికీ తలుపు ఒక్కటే. 2021లో జూలియస్‌కు నోబెల్ బహుమతి వచ్చినప్పుడు దానికి మూలం ఈ పనే.

తలుపు అన్నది ఇక్కడ పోలిక కోసం వేసిన మాట మాత్రమే కాదు. టీఆర్‌పీవీ1 నాడి కొస పొరలో అడ్డంగా కూర్చున్న ఒక గ్రాహకం. నాలుగు ఒకేరకం ముక్కలు గుండ్రంగా చేరి, మధ్యలో సన్నని దారి ఒకటి ఉంటుంది. మామూలుగా ఆ దారి మూసి ఉంటుంది. వేడి పెరిగితే ప్రోటీన్ వంపు మారి దారి తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ అణువుకు నూనె స్వభావం ఎక్కువ కాబట్టి అది నాడి కొసను కప్పిన కొవ్వు పొరలోకి తేలిగ్గా కరిగిపోతుంది. అక్కడి నుంచి గ్రాహకం పక్కనున్న ఒక సందులో ఒదిగి, తలుపు తెరిచి ఉన్న భంగిమలో దాన్ని నిలబెడుతుంది. బయట ఉన్న సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి పరుగెడతాయి. నాడిలో విద్యుత్ సంకేతం పుడుతుంది. ఆ సంకేతం పోయే దారి ఒక్కటే, చేరే చోటు ఒక్కటే. తలుపు వేడి వల్ల తెరుచుకుందా, మిరపకాయ వల్ల తెరుచుకుందా అని మెదడుకు చెప్పే వేరే తీగ ఆ నాడిలో లేదు. అందుకే మెదడు తనకు తెలిసిన ఒకే అర్థం చెబుతుంది: ఇక్కడ కాలుతోంది.

నాలుక మీదా ఇదే కథ. కారాన్ని మనం రుచుల లెక్కలో వేస్తాం కానీ, తీపినీ పులుపునీ పట్టే రుచి మొగ్గలతో దానికి పని లేదు. ముఖంలోని స్పర్శ, నొప్పి, వేడి కబుర్లు మోసే నాడే దాన్ని కూడా మోస్తుంది. రుచి మొగ్గలు లేని కంటిలో, ముక్కులో, అరచేతిలో కూడా కారం తెలియడానికి కారణం అదే. నాలుక మీద క్షణాల్లో తెలిసినది చేతిమీద గంటకు గానీ తెలియకపోవడానికి కారణం చర్మం పైపొర. అరచేతి మీద చచ్చిన కణాలు మందంగా పేరుకుని ఉంటాయి. క్యాప్సైసిన్ అందులో నెమ్మదిగా ఇంకి, నెమ్మదిగా కిందికి దిగి, అప్పుడు నాడి కొసలను చేరుతుంది. ఇంకినది ఒక పట్టాన బయటికి రాదు. అందుకే మంట మొదలయ్యాక చేతులు ఎంత కడిగినా పెద్దగా లాభం ఉండదు. కడగాల్సిన సమయం మంట లేని ఆ మొదటి గంట.

ఇక అక్క కళ్లారా చూసిన గోరువెచ్చని నీళ్ల సంగతి. క్యాప్సైసిన్ ఒదిగిన గ్రాహకం తెరుచుకోవడానికి 43 డిగ్రీలు అక్కర్లేదు. ఆ గీత కిందికి జారిపోతుంది, మామూలు ఒంటి వేడికే తలుపు తెరుచుకునేంతగా. అలాంటప్పుడు కాస్త వెచ్చని నీళ్లు ఆ చేతికి మరిగే నీళ్లే. చల్లని నీళ్లలో పెడితే తలుపు మూసుకుంటుంది, ప్రాణం లేచి వస్తుంది. చెయ్యి బయటికి తీసి చర్మం మళ్లీ వెచ్చబడగానే మంట తిరిగొస్తుంది. ఆ రాత్రి నేను చల్లనీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టి తీస్తూ ఇది పదిసార్లయినా చూసి ఉంటాను. పదార్థం పోలేదు, తలుపు మాత్రం చలికి మూసుకుంటోంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వెచ్చని నీళ్లు తగిలితే మంట పెరగడాన్ని మిరపకాయకు గుర్తుగా తీసుకోకూడదు. ఎండకు కమిలిన వీపు మీద వెచ్చని నీళ్లు పడినా ఇలాగే భగ్గుమంటుంది. అక్కడ దెబ్బతిన్న చర్మంలో పుట్టే వాపు రసాయనాలు ఇదే గ్రాహకాన్ని ఇలాగే సున్నితం చేస్తాయి. అంటే నిజంగా కాలినా, కాలకపోయినా ఈ లక్షణం కనిపిస్తుంది. దీన్ని బట్టి తేల్చలేం.

ఎరుపును బట్టి కూడా తేల్చలేం, అక్క పొరబడింది అక్కడే. నొప్పి నాడి ఒకవైపే పనిచేసే తీగ కాదు. పైకి మెదడుకు కబురు పంపుతూనే, అదే సమయంలో తన కొసల దగ్గర సబ్‌స్టెన్స్ పి వంటి కొన్ని పదార్థాలను చర్మంలోకి వదులుతుంది. వాటివల్ల చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలు విచ్చుకుంటాయి. రక్తం ఎక్కువగా చేరి చర్మం ఎర్రబడుతుంది, కాస్త ఉబ్బవచ్చు కూడా. తాకి చూస్తే నిజంగానే వెచ్చగా ఉంటుంది, కానీ ఆ వెచ్చదనం రక్తానిది. గాయమైన చోటికి సాయం పంపడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. గాయం లేకపోయినా నాడి పిలిచింది కాబట్టి రక్తం వచ్చింది.

మరి కాలలేదని రుజువేమిటి? నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించే రుజువు పక్షులు. నిప్పు గానీ, గాఢమైన ఆమ్లం గానీ ఎవరి కణజాలాన్నయినా కాలుస్తుంది, పక్షి అని వదలదు. మిరపకాయను మాత్రం పక్షులు బాధే లేకుండా మింగేస్తాయి. పక్షులకూ టీఆర్‌పీవీ1 ఉంది, వేడికి తెరుచుకుంటుంది కూడా. క్యాప్సైసిన్ ఒదిగే చోట మాత్రం ఆ ప్రోటీన్ నిర్మాణంలో చిన్న తేడా ఉంది. జూలియస్ బృందమే 2002లో కోడి గ్రాహకం మీద దీన్ని చూపించింది. అంతకు రెండేళ్ల ముందు ఎలుకల మీద చేసిన ప్రయోగం కూడా ఇదే చెప్పింది. టీఆర్‌పీవీ1 జన్యువును తొలగించిన ఎలుకలు క్యాప్సైసిన్ కలిపిన నీళ్లను మామూలు నీళ్లలాగే తాగాయి. గ్రాహకం ఒక్కటి తీసేస్తే మాయమయ్యే మంట కణాలను కాల్చే మంట కాదు. యాసిడ్ పోస్తే ఏ జన్యువు తీసేసినా చర్మం కాలక మానదు.

మొక్కకు ఇందులో ఏం లాభమో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఎలుకల వంటి జంతువులు గింజలను నమిలి నాశనం చేస్తాయి. పక్షులు మింగి, దూరంగా ఎక్కడో చెక్కుచెదరకుండా విడుస్తాయి. నమిలేవాళ్లకు మంట, మోసుకెళ్లేవాళ్లకు ఏమీ లేదు. ఈ ఏర్పాటంతా ఒక గ్రాహకంలోని చిన్న తేడా మీద నిలబడింది.

కారం గింజల్లో ఉంటుందన్న నమ్మకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నా వేళ్లను దెబ్బతీసింది గింజలు కాదు. మరుసటి రోజు ఒక కాయను చీల్చి భూతద్దం కింద పెట్టి చూశాను. గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తటి ఈనె మీద, పైన పలుచని చర్మం కింద, లేత పసుపు రంగులో చిన్న చిన్న ఉబ్బులు వరుసగా కనిపించాయి. క్యాప్సైసిన్ తయారయ్యేది ఆ ఈనె పైపొర కణాల్లో. చేరేది ఆ ఉబ్బుల్లో. గోటి కొసతో ఒకదాన్ని నొక్కితే పగిలి, నూనెలాంటి తడి మెరిసింది. గింజల మీద ఉండే కారం చాలావరకు ఇలా పగిలిన ఉబ్బుల నుంచి అంటుకున్నదే. అరకిలో కాయల ఈనెలను నేను బొటనవేలి గోరుతో గీకాను. అంటే ఆ ఉబ్బులను ఒక్కటీ వదలకుండా చిదిమి వేళ్లకు పూసుకున్నాను. కాయ పైతోలును మాత్రమే తరిగి ఉంటే నాకు ఇందులో చాలా తక్కువే అంటేది.

అక్కకు ఆ రాత్రి ఇంత వివరంగా చెప్పలేకపోయాను. చెప్పినదల్లా చేయాల్సిన పని. ముందు వంటనూనె చేతులకు బాగా రుద్దుకుని, పాత గుడ్డతో తుడిచేశాను. క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో చల్లని నీళ్ల కింద కడిగాను. రెండుసార్లు ఇలా చేశాక పైపైన ఉన్నది పోయింది. లోపల ఇంకినదానికి ఓపిక పట్టడం తప్ప దారి లేదు. అక్క మంచుగడ్డలు తెచ్చి చేతిలో పెట్టబోతే వద్దన్నాను. చల్లని నీళ్లు వేరు, మంచుగడ్డను చర్మానికి అదిమి చాలాసేపు పట్టుకోవడం వేరు. మంచు చర్మాన్ని నిజంగా గాయపరచగలదు. అప్పటికే మంటతో గోలపెడుతున్న చేతికి, మంచు తిమ్మిరిలో ఆ గాయం తెలియను కూడా తెలియదు. లేని కాలిన గాయానికి వైద్యం చేయబోయి ఉన్న చర్మాన్ని పాడుచేసుకోవడం అవుతుంది.

నిజంగా కాలిన చేతిని గుర్తుపట్టడానికి చూడాల్సింది చర్మాన్నే, నొప్పిని కాదు. నీటిబొబ్బలు లేచాయా, చర్మం తెల్లగా పాలిపోయిందా, పొర ఊడి వస్తోందా, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ చోట స్పర్శ పోయిందా. లోతుగా కాలిన గాయంలో నాడి కొసలు కూడా కాలిపోతాయి కాబట్టి, గాయం మధ్యలో నొప్పి ఉండకపోవచ్చు. తక్షణం ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం నొప్పి లేకుండా ఉండగలదు. ఏ గాయమూ లేని చెయ్యి రాత్రంతా నిద్ర పట్టనివ్వకుండా చేయగలదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నొప్పిని కాలిన లోతుకు కొలతగా ఎందుకు తీసుకోకూడదో తెలుస్తుంది. కంటిలో పడ్డప్పుడు మాత్రం ఈ మాట పట్టుకుని ఊరుకోవద్దు. మంటకు గట్టిగా నలుపుకుంటే కనుగుడ్డు పైపొర గీరుకుపోతుంది, అది నిజమైన గాయమే. నీళ్లతో బాగా కడిగాక కూడా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇలా చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "అయితే మంట అంతా భ్రమే అన్నమాట" అంటారు. ఈ మాట నాకు ససేమిరా నచ్చదు. తలుపు నిజంగా తెరుచుకుంది, కాల్షియం నిజంగా లోపలికి వచ్చింది, నాడి నిజంగా సంకేతం పంపింది. ఇందులో ఊహ ఎక్కడుంది? తప్పు కబురు అనవచ్చు, కానీ కబురు నిజంగా వచ్చింది. ఈ గ్రాహకాన్ని తేలిగ్గా తీసిపారేస్తే ఏమవుతుందో మందుల పరిశోధనలోనే తెలిసింది. నొప్పి తగ్గించడానికి టీఆర్‌పీవీ1ను మూసి ఉంచే మందులు తయారుచేసి మనుషుల మీద పరీక్షించినప్పుడు, కొందరికి ఒంటి వేడి జ్వరంలా పెరిగింది. మరికొన్ని మందులతో ప్రమాదకరమైన వేడిని గుర్తించే శక్తి తగ్గి, వేడి నీళ్లకు ఒళ్లు కాల్చుకునే ప్రమాదం ఏర్పడింది. హెచ్చరిక మూగబోతే అసలు కాలడం మొదలవుతుంది.

క్యాప్సైసిన్ ఎప్పుడూ ఏమీ చేయదన్న మాట కూడా సరికాదు. మోతాదు బాగా పెరిగి, తలుపు చాలాసేపు తెరుచుకునే ఉంటే, లోపలికి పోటెత్తిన కాల్షియం ఆ నాడి కొసనే దెబ్బతీస్తుంది. ముందు గ్రాహకం స్పందించడం మానేస్తుంది, తర్వాత నాడి కొసలు చర్మం పైభాగం నుంచి వెనక్కి తగ్గుతాయి. చుట్టూ ఉన్న చర్మకణాలు బాగానే ఉంటాయి. వైద్యులు దీన్నే మందుగా వాడుతున్నారు. 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీకి అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది, సర్పి తగ్గాక నెలల తరబడి వేధించే నాడి నొప్పి కోసం. వైద్యుల పర్యవేక్షణలో గంటసేపు అంటించి తీసేస్తారు. వెనక్కి తగ్గిన నాడి కొసలు మళ్లీ పెరిగి వచ్చేదాకా, దాదాపు మూడు నెలల వరకు, ఉపశమనం ఉండవచ్చు. నొప్పి పుట్టించే పదార్థమే నొప్పి కబురు మోసే నాడిని కొంతకాలం పక్కకు తప్పిస్తుంది.

నా చేతుల మంట అర్ధరాత్రి దాటాక నెమ్మదించింది. తెల్లవారేసరికి ఎరుపు లేదు, బొబ్బ లేదు, ఊడిన పొర లేదు. అక్క నా రెండు అరచేతులూ వెలుతురులోకి తిప్పి తిప్పి చూసి, "నిజమే, ఏమీ కాలేదు" అంది. వేడి వేడి కాఫీ గ్లాసు పట్టుకున్నా వేళ్లకు ఏమీ అనిపించలేదు. అంతా అయిపోయిందనుకుని నిద్ర కళ్లు నలుపుకున్నాను. మరుక్షణం కన్ను భగ్గుమంది. గోటి కింద క్యాప్సైసిన్ ఇంకా అలాగే ఉంది. రాత్రంతా కేకలు వేసి అలసిన నా వేలి నాడులు దాని గురించి చెప్పడం మానేశాయి, అంతే.